నాలుగూ ఒప్పే, అడిగింది ఒక్కటే

"సార్, నాలుగూ కరెక్టే కదా! మరి నేను పెట్టింది తప్పెలా అయింది?"

అమీర్‌పేటలో సైబర్ సెక్యూరిటీ పాఠాలు చెప్పే నాకు ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురవుతుంది. పోయిన బ్యాచ్‌లో అడిగిన అమ్మాయికి ఒకప్పుడు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. అక్కడ నేర్చుకున్న అలవాటే ఇక్కడ అడ్డం తగిలింది. ఎంసెట్‌లో లెక్క చేస్తే ఒక జవాబు తేలుతుంది, మిగతా మూడూ పచ్చి తప్పులు. కాంప్‌టియా సంస్థ పెట్టే సెక్యూరిటీ ప్లస్ పరీక్షలో అలా ఉండదు. ముందు ఒక ఆఫీసులోనో ఆసుపత్రిలోనో జరిగిన సంగతి నాలుగైదు వాక్యాల్లో చెబుతారు. కింద ఇచ్చే నాలుగు ఆప్షన్లూ చాలాసార్లు మంచి పనులే అయి ఉంటాయి. వాటిలో అడిగినదానికి సరిపోయేది ఒక్కటే.

ఆమె తప్పు చేసిన ప్రశ్న లాంటిదే ఒకటి నేను తయారుచేసి బోర్డు మీద రాశాను. ఒక ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్‌లో ఉద్యోగిని కంప్యూటర్‌లో ఫైళ్లు తెరుచుకోవడం లేదు. డబ్బు కట్టమంటూ స్క్రీన్ మీద ఒక నోటు కనిపిస్తోంది. కాసేపటికే పక్కనున్న రెండు కంప్యూటర్లలోనూ అదే పరిస్థితి. ఇది రాన్సమ్‌వేర్ అని సెక్యూరిటీ అనలిస్టు నిర్ధారించుకున్నాడు. అతను మొట్టమొదట చేయాల్సిన పని ఏది?

ఎ) నిన్న రాత్రి తీసిన బ్యాకప్ నుంచి ఫైళ్లను తిరిగి తెచ్చుకోవడం. బి) ఆ మూడు కంప్యూటర్లను నెట్‌వర్క్ నుంచి విడదీయడం. సి) హార్డ్ డిస్కులకు ఫోరెన్సిక్ కాపీ తీయడం. డి) అనుమానాస్పద మెయిళ్లను గుర్తుపట్టేలా ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడం.

ఆమె 'ఎ' పెట్టింది. బయట పేషెంట్లు క్యూలో ఉంటారు కాబట్టి ముందు పని సాగాలి అన్నది ఆమె ఆలోచన. మనసున్న ఆలోచనే. కానీ దాడి ఇంకా పాకుతోందని కథలోనే ఉంది, ఒక కంప్యూటర్ మూడైంది. ఈ పరీక్ష సిలబస్‌లో ఇలాంటి ఘటనలకు ఒక వరుస ఉంటుంది: ముందస్తు సన్నాహం, గుర్తించడం, విశ్లేషించడం, కట్టడి చేయడం, మూలంతో సహా తొలగించడం, తిరిగి నిలబెట్టడం, చివరగా పాఠాలు నేర్చుకోవడం. అనలిస్టు నిర్ధారించుకున్నాడంటే విశ్లేషణ అయిపోయింది. తర్వాతిది కట్టడి. జవాబు 'బి'. వైరస్ ఇంకా తిరుగుతున్న నెట్‌వర్క్‌లోకి బ్యాకప్ తెచ్చి పెడితే ఆ ఫైళ్లకూ అదే గతి పడుతుంది.

తర్వాత అదే కథలో ఒక్క వాక్యం చేర్చాను: "అనలిస్టు ఆ మూడింటినీ ఇప్పటికే నెట్‌వర్క్ నుంచి తీసేశాడు." ఆప్షన్లు మార్చలేదు. ఇప్పుడు జవాబు 'సి', ఎందుకంటే డిస్కులు తుడిచి శుభ్రం చేసేలోపే సాక్ష్యం భద్రపరచాలి. తర్వాత ఆ వాక్యం తీసేసి ప్రశ్న మార్చాను: "డబ్బు కట్టకుండా డేటాను తిరిగి పొందే మార్గం ఏది?" ఇప్పుడు ఆమె మొదట పెట్టిన 'ఎ' ఒప్పు. మళ్లీ మార్చాను: "ఇలాంటి మెయిల్‌ను ఉద్యోగులు మళ్లీ తెరిచే అవకాశాన్ని తగ్గించేది ఏది?" జవాబు 'డి'.

కథ ఒకటే, ఆప్షన్లు అవే నాలుగు, జవాబులు మాత్రం నాలుగు రకాలు. క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ప్రశ్నపత్రం రాసేవాళ్లు డిస్ట్రాక్టర్ అనే ఆప్షన్ గుట్టు ఇదే. మనల్ని పక్కదారి పట్టించడానికి పెట్టే ఆ ఆప్షన్ ఎక్కువసార్లు ఇంకో ప్రశ్నకు సరైన జవాబు. అందుకే "ఇది నిజమేనా?" అని చూసుకుంటూ పోతే ఏదీ తప్పుగా కనిపించదు. "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని ఒక్కో ఆప్షన్‌నూ అడగాలి.

అందుకని నేను చదివే వరుసే మార్పించాను. ముందు చివరి వాక్యం చదవండి, అసలు ప్రశ్న అక్కడుంటుంది. ఫస్ట్, బెస్ట్, మోస్ట్ లైక్లీ లాంటి మాట ఉంటే దాని దగ్గర ఆగండి. తర్వాత పైకి వెళ్లి కథ చదవండి. ఆప్షన్లు చూసేలోపు మీ జవాబు ఏమిటో మనసులో ఒక మాట అనుకోండి. ఇది పది సెకన్లు తినే పనే. కానీ మీ మాట ముందే మీ దగ్గరుంటే, గంభీరమైన పేరున్న ఆప్షన్ కంటపడినా చేయి అటు పోదు.

కథలోని వాక్యాల గురించి ఇంకో సంగతి చెప్పాలి. పరీక్షకు వెళ్లేవాళ్లలో చాలామంది వాటిని నేపథ్యం అనుకుని దాటేస్తారు. నిజానికి ఆప్షన్లను కొట్టేసేది అవే. దీనికీ ఒక ఉదాహరణ రాశాను. స్కానింగ్ యంత్రాన్ని నడిపే కంప్యూటర్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, దానికి ఇక ప్యాచ్‌లు రావు. కొత్త యంత్రానికి ఈ ఏడాది బడ్జెట్ లేదు. అదనంగా ఏ సాఫ్ట్‌వేర్ వేసినా వారంటీ పోతుంది. తీసిన స్కాన్లు వెంటవెంటనే ఒక సర్వర్‌కు చేరాలి. ముప్పు తగ్గించడానికి ఏది బెస్ట్?

ఆప్షన్లు ఇవి: యాంటీవైరస్ వేయడం, యంత్రాన్ని మార్చడం, నెట్‌వర్క్ కేబుల్ పీకేయడం, యంత్రాన్ని వేరే నెట్‌వర్క్ భాగంలో పెట్టి ఆ ఒక్క సర్వర్‌తోనే మాట్లాడేలా ఫైర్‌వాల్‌లో నియమం రాయడం.

ఇప్పుడు పెన్ను పట్టుకుని ఒక్కో వాక్యాన్నీ ఆప్షన్లకు ఎదురుగా పెట్టి చూడండి. బడ్జెట్ వాక్యంతో యంత్రాన్ని మార్చడం పోయింది. వారంటీ వాక్యంతో యాంటీవైరస్ పోయింది. స్కాన్లు సర్వర్‌కు చేరాలన్న వాక్యంతో కేబుల్ పీకడం పోయింది. మిగిలింది నెట్‌వర్క్‌ను విడగొట్టడం. అసలు చేయాల్సిన పని చేయలేనప్పుడు దాని బదులు పెట్టుకునే ఇలాంటి రక్షణను కాంపెన్సేటింగ్ కంట్రోల్ అంటారు. ఆ పేరు గుర్తు రాకపోయినా ఇక్కడ జవాబు దొరికింది, ఎందుకంటే ఇచ్చిన ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. మీరు జవాబు పెట్టాక కూడా కథలో ఒక వాక్యం పనిలేకుండా మిగిలిపోతే, జవాబు మీద ఒకసారి అనుమానపడండి. కావాలని వేసిన పనికిరాని వివరమూ ఉండొచ్చు కాబట్టి ఇది ప్రతిసారీ నిలిచే సూత్రం కాదు.

రెండు ఆప్షన్లు మిగిలి తేలకపోతే ప్రశ్నలోని క్రియను పట్టుకోవాలి. దాడిని 'గుర్తించాలి' అంటే ఐడీఎస్, 'ఆపాలి' అంటే ఐపీఎస్. ఒక్క అక్షరం తేడా. ఒకటి చూసి గంట కొడుతుంది, ఇంకొకటి తలుపు మూస్తుంది. ఈ తేడా తెలియనివాడిని మాత్రం ఏ చిట్కా కాపాడలేదు. కొట్టివేత అనేది కొంత తెలిసినవాడికే పనికొస్తుంది. తెలియని ప్రశ్నలు ఇరవై ఉంటే కళ్లు మూసుకుని పెట్టినప్పుడు సగటున అయిదు తగులుతాయి. ఒక్కోదానిలో రెండు ఆప్షన్లను సరిగ్గా కొట్టేయగలిగితే పది తగులుతాయి. ఆ అయిదు మార్కుల తేడా చదువుకున్న చదువే ఇస్తుంది.

ఇక గడియారం. సెక్యూరిటీ ప్లస్‌లో 90 నిమిషాలు, ప్రశ్నలు 90కి మించవు. ఉత్తీర్ణతకు 900 స్కేల్ మీద 750 రావాలి. ఆ స్కేల్ 100 నుంచి మొదలవుతుంది కాబట్టి దీన్ని శాతంగా మార్చి లెక్కలు వేసుకోవడం వృథా. చాలామందిని దెబ్బతీసేది పరీక్ష ఆరంభమే. ఫైర్‌వాల్ నియమాలు అమర్చమనో, లాగ్‌లు చూసి సోకిన కంప్యూటర్ ఏదో చెప్పమనో అడిగే పెద్ద ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అవి మామూలుగా మొట్టమొదటే వస్తాయి. మొదటిది కదా అని పట్టుకుంటే ఒక్కదాని మీదే పదిహేను నిమిషాలు కరిగిపోతాయి, చివరి ఇరవై ప్రశ్నలు పరుగులో పెట్టాల్సి వస్తుంది.

అందుకే వాటిని ఫ్లాగ్ చేసి ముందుకు సాగమంటాను. మొత్తం 80 ప్రశ్నలు, అందులో నాలుగు పెద్దవి అనుకుందాం. మిగతా 76 ప్రశ్నలకు ఒక్కోదానికి 50 సెకన్ల చొప్పున 63 నిమిషాలు పడుతుంది. పెద్దవాటికి అయిదేసి నిమిషాలు ఇస్తే ఇరవై. ఇంకా ఏడు నిమిషాల లోపు మిగులుతుంది, అది ఫ్లాగ్ చేసినవాటికి. ప్రతి ప్రశ్నకూ గడియారం చూడక్కర్లేదు. సగం దగ్గర, అంటే 38 చిన్న ప్రశ్నలు అయ్యేసరికి, ఇంకా 58 నిమిషాలు మిగిలి ఉన్నాయా అని ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఫ్లాగ్ చేసినా ఏదో ఒక జవాబు పెట్టే ముందుకు వెళ్లాలి. జేఈఈ రాసి వచ్చిన పిల్లలు తెలియనిది ఖాళీగా వదిలేస్తారు, అక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది మరి. ఇక్కడ తప్పు జవాబుకు కోత లేదు, ఖాళీ ఉంచితే సున్నా ఖాయం. తిరిగి వచ్చినప్పుడు జవాబు మార్చాలనిపిస్తే, మొదటిసారి దాటేసిన మాట ఏదో వేలితో చూపించగలిగితేనే మార్చండి. ఊరికే గుబులు పుట్టి మార్చొద్దు.

ఈ లెక్కను ఉన్నదున్నట్టు ఇంకో పరీక్షకు మోయకూడదు. అనుభవం ఉన్నవాళ్లు రాసే సీఐఎస్ఎస్‌పీ 2024 ఏప్రిల్ నుంచి మూడు గంటల పరీక్ష. మీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నను కంప్యూటర్ ఎంచుతుంది. 100 నుంచి 150 మధ్య ఎక్కడైనా ఆగిపోవచ్చు. వెనక్కి వెళ్లే వీలే లేదు. అక్కడ ఫ్లాగ్ మాటే మరిచిపోయి, 150 దాకా వెళ్తానన్న అంచనాతో ప్రశ్నకు 72 సెకన్ల లోపు ముగించుకుంటూ పోవాలి.

మళ్లీ మా అమ్మాయి దగ్గరికి వస్తాను. మాక్ టెస్టు రాసిన ప్రతిసారీ మార్కులు చూసుకుని ఫోన్ పక్కన పెట్టేసేది. ఒక నోటుబుక్ తెచ్చి తప్పు పోయిన ప్రతి ప్రశ్న ఎదుట మూడు మాటల్లో ఒకటి రాయమన్నాను: 'తెలియలేదు', 'చదవలేదు', 'టైము లేదు'. తెలియనివాటికి పుస్తకం తెరవాలి. టైము చాలనివాటికి గడియారం పెట్టుకుని సాధన చేయాలి. ఆ మధ్య మాటే ఆమె రాయడానికి ఇష్టపడలేదు.

వారం తర్వాత నోటుబుక్ నా ముందు పెట్టింది. ఇరవై మూడు తప్పుల్లో పద్నాలుగింటి ఎదుట 'చదవలేదు' అని ఉంది. దాటేసిన మాటను ప్రతిదాని కిందా ఎర్ర పెన్నుతో రాసుకుంది. వాటిలో అయిదు చోట్ల ఉన్నది ఫస్ట్ అన్న మాటే.

"సార్, ఇవన్నీ నాకు వచ్చినవే" అంది.