‘కరెంటు లేదు’ అనే మాట

కొన్ని ఆంగ్ల పదాలు మన ఇంటికి వచ్చి, ఇక్కడి అలవాట్లలో కలిసిపోయి, పుట్టింటి అర్థాన్ని విడిచిపెట్టినవి. పడుకొనేందుకు చోటు లేని ఫలహారశాలను మనం హోటలు అంటాము. ఆంగ్లేయునికి అది బస దొరికే చోటు. ఇందువల్ల కలిగే నష్టం స్వల్పమే. కాని ‘కరెంటు’ సంగతి అట్లా కాదు.

కరీంనగరం, ఆదిలాబాదు పల్లెల్లో కరెంటు అంటే విద్యుత్తు సరఫరా. ‘కరెంటు పోయింది’ అనని ఇల్లు లేదు. ఆంగ్లంలో ఆ మాటకు ప్రవాహమని అర్థం. నదిలో నీటి వడికి కూడా వారు అదే మాట వాడుతారు. విద్యుత్తులో అది తీగ వెంట పారుతున్న ప్రవాహం. దానిని ఆంపియర్లలో కొలుస్తారు. ప్రవాహాన్ని నెట్టే ఒత్తిడి వేరు, అది వోల్టేజి. చెరువు తూము మూసినప్పుడు కాలువలో నీరు పారదు. అయినా తూము వెనుక నీటి ఒత్తిడి తగ్గదు గదా!

జగిత్యాల వైపు ఒక బావి దగ్గర 3 ఫేజుల మోటారు ఉన్నదనుకొందాము. స్టార్టరు ఆపగానే దానికి వచ్చే తీగలలో, ఆంగ్లార్థంలో, కరెంటు లేదు. కాని ఏ రెండు తీగల మధ్యనైనా సుమారు 415 వోల్టులు నిలిచే ఉంటవి. తడి కాళ్లతో ఒక తీగను తాకితే ఆ మనిషి దేహమే కాలువ అవుతుంది. ఆంపియరులో పదో వంతు ప్రవాహం గుండెగుండా సాగినా ప్రాణం పోవచ్చును.

ఒక ఫేజు పోయినప్పుడు మోటారు తిరగక మూలుగుతుంది. రైతు ‘కరెంటు లేదు’ అంటాడు. నిజానికి మిగిలిన రెండు తీగలలో కరెంటు మితిమీరి పారి, చుట్టలను కాలుస్తుంది.

మన జిల్లాల నుండి గల్ఫు దేశాలకు కట్టడపు పనులకై ఎందరో వెళ్లారు. అక్కడ స్విచ్చి ఆపి ‘నో కరెంట్’ అని చెబితే, ఆ మాట తీగను ముట్టవచ్చునని హామీ ఇవ్వదు. సరఫరా పోయినప్పుడు ‘పవర్ ఈజ్ ఆఫ్’ అనవలె. ఒత్తిడి ఉన్న తీగ ‘లైవ్’, లేనిది ‘డెడ్’.

‘డెడ్’ అనే ముందు మెయిన్ స్విచ్చి ఆపి, మరొకరు వేయకుండా తాళం పెట్టవలె. తరువాత టెస్టరును సరఫరా ఉన్న వేరొక తీగపై పరీక్షించి, ఈ తీగపై పెట్టి చూచి, తిరిగి మొదటి తీగపై చూడవలె. రెండుసార్లూ అక్కడ వెలిగి, నడుమ ఇక్కడ వెలగకపోతేనే ఆ మాటకు ఆధారం ఉన్నట్లు. టెస్టరే చెడిపోయి ఉంటే, వెలగకపోవడం సాక్ష్యం కాదు.

ఇంట్లో మనం ‘కరెంటు పోయింది’ అనుకొంటే తప్పేమీ లేదు. తీగపై చేయి వేయబోయేవానికి మాత్రం ఆ మాట చాలదు.