ఎదుటివాళ్ల పాయింటు ఎక్కడ తెగుతుంది?

పంద్రాగస్టు దగ్గరపడితే హైస్కూళ్లలో వ్యాసరచన, వక్తృత్వంతో పాటు డిబేట్ పోటీ కూడా పెడతారు. ఇంట్లో ఎవరో రాసిచ్చింది పిల్లలు బట్టీపట్టి వస్తారు, ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పి కూర్చుంటారు. అనుకూలంగా మాట్లాడిన అమ్మాయి ఏం చెప్పిందో వ్యతిరేకంగా మాట్లాడే అబ్బాయికి పట్టదు. పట్టించుకోవాల్సిన పనీ లేదు, అతని మూడు నిమిషాలూ ఇంటి దగ్గరే పూర్తయిపోయాయి. వాటిని రెండు ఉపన్యాసాలు అనవచ్చు గానీ డిబేట్ అనలేం. ఎదుటివాళ్ల మాటకు జవాబు చెప్పడం మొదలైనప్పుడే డిబేట్ మొదలైనట్టు. ఖండన ఒక్క పీరియడ్‌లోనే నేర్పగలిగిన విద్య. తొమ్మిదో తరగతికి ఆ పాఠం ఎలా చెప్పవచ్చో చూద్దాం.

అంశం పిల్లలకు బాగా తెలిసినదై ఉండాలి. ‘బడిలో విద్యార్థులు మొబైల్ ఫోన్ వాడటాన్ని నిషేధించాలి’ అన్నది తీసుకుందాం. ఎవరు ఏ పక్షమో బొమ్మా బొరుసా వేసి తేల్చాలి. సొంత అభిప్రాయం ఉన్న వైపే ఎప్పుడూ నిలబడితే అవతలి వాదంలో బలం కనపడదు.

మొదట వాదం. ‘ఫోన్లు పిల్లల్ని చెడగొడుతున్నాయి’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది ఫిర్యాదు మాత్రమే. ఎలా చెడగొడుతున్నాయో చెప్పలేదు కాబట్టి దాన్ని నిరూపించలేం, కాదనలేం. ‘ఫోన్లు నిషేధిస్తే చదువులో వెనుకబడిన పిల్లల మార్కులు మెరుగవుతాయి’ అంటే అది వాదం. అవతలివాడు ‘మెరుగవవు’ అని నిలబడటానికి అందులో చోటుంది. ఆ వెంటనే ‘ఎందుకంటే’ అన్న మాట రావాలి: ‘ఎందుకంటే, పాఠం మధ్యలో దృష్టి మళ్లితే మళ్లీ అందుకోవడం వాళ్లకే ఎక్కువ కష్టం.’

ఇక ఆధారం. పాఠంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ‘ఫ్రాన్స్ 2018లోనే చట్టం చేసి బడుల్లో ఫోన్లు నిషేధించింది’ అని ఒక జట్టు అన్నదనుకోండి. నిజమే. అయితే అక్కడి ప్రభుత్వం అలా నిర్ణయించిందనే దానివల్ల తెలుస్తుంది. దానివల్ల మార్కులు పెరిగాయని తెలియదు. ఆధారం నిజమైనంత మాత్రాన సరిపోదు, వాదానికి అతకాలి.

అతికే ఆధారం ఒకటుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 2015లో వెలువరించిన ఒక అధ్యయనంలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంగ్లండ్‌లోని నాలుగు నగరాల బడులను పరిశీలించారు. ఫోన్లు నిషేధించాక పదహారేళ్ల పిల్లల పరీక్ష ఫలితాలు మెరుగైనట్టు తేల్చారు. వెనుకబడిన పిల్లలకు లాభం ఎక్కువగా కనిపించింది, బాగా చదివేవాళ్లకు తేడా ఏమీ లేదు. ఈ అధ్యయనం గురించి రాసిన చోట 6.4 శాతం అనే అంకె కనపడుతుంది. పిల్లలు దాన్ని పట్టుకుని ‘మార్కులు 6.4 శాతం పెరిగాయి’ అనేస్తారు. అక్కడే పప్పులో కాలేసినట్టు. అది మార్కుల్లో శాతం కాదు, ప్రామాణిక విచలనంలో శాతం. అంటే తరగతిలో మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం చెదిరి ఉంటాయో ఆ కొలతలో శాతం. ఒక తరగతిలో ఆ చెదురు 15 మార్కులు అనుకుంటే, అందులో 6.4 శాతం ఒక్క మార్కుకు కాస్త తక్కువ. వెనుకబడిన పిల్లల విషయంలో చెప్పిన 14 శాతం సుమారు రెండు మార్కులు. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించండి. అంకెను చూసి బెదిరిపోకూడదని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు వ్యతిరేక పక్షం లేచింది. ఈ పాయింటును ఎలా కొట్టాలి? ‘ప్రపంచమంతా డిజిటల్ అవుతుంటే మన మిత్రులు ఇంకా రాతియుగంలో ఉన్నారు’ అంటే చప్పట్లు పడతాయి గానీ పాయింటు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఖండనకు నాలుగు మెట్లు చెబితే చాలు: వాళ్లు అన్నది ఇది, అయితే మేం ఒప్పుకోం, ఎందుకంటే ఇదీ కారణం, కాబట్టి వాళ్ల వాదం ఇంతవరకే నిలుస్తుంది. మొదటి మెట్టే చాలామంది దాటేస్తారు. మన శాస్త్ర చర్చల్లో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం చెప్పే పద్ధతి ఉండేది. ఎదుటివాడి మాటను వాడే ‘అవును, నేనన్నది అదే’ అనేట్టు చెప్పాలి. వక్రీకరించి చెప్పి దాన్ని కొడితే తగిలేది గాలికే.

ఆ ప్రకారం వ్యతిరేక పక్షం అమ్మాయి ఇలా అనవచ్చు: “నిషేధంతో వెనుకబడిన పిల్లల మార్కులు పెరుగుతాయని వారు ఇంగ్లండ్ అధ్యయనం చూపించారు. దాని మీద అంత భారం వేయలేం. అదే ప్రశ్నను స్వీడన్ హైస్కూళ్లలో పరిశీలించి 2020లో ప్రచురిస్తే మార్కులపై ప్రభావమేమీ కనపడలేదు. కాబట్టి నిషేధిస్తే మార్కులు పెరిగి తీరతాయని చెప్పడానికి వీల్లేదు.” అనుకూల పక్షం దీనికీ జవాబు వెతకాలి: “స్వీడన్‌లో ప్రభావం లేదన్నారు. నిషేధాన్ని గట్టిగా పాటించిన బడుల్లోనే ఫలితం వచ్చిందని ఇంగ్లండ్ అధ్యయనమే చెప్పింది. స్వీడన్‌లో ఎంత గట్టిగా పాటించారో వారు మనకు చెప్పలేదు.” ఇద్దరూ ఎవరినీ ఎగతాళి చేయలేదు. ఇద్దరూ పట్టుకున్నది ఆధారానికీ వాదానికీ మధ్యనున్న ముడినే.

ఇక సాధన రౌండు. జట్టుకు ముగ్గురు. మొదటి వక్తలు చెరో మూడు నిమిషాలు, ముందు అనుకూలం, తర్వాత వ్యతిరేకం. ఒక్కొక్కరు రెండు వాదాలకు మించి చెప్పకూడదు. తర్వాత రెండు నిమిషాలు నిశ్శబ్దం, జట్టులో మాత్రం గుసగుసలాడుకోవచ్చు. రెండో వక్తలు చెరో రెండు నిమిషాలు, ఖండన తప్ప మరేమీ చెప్పకూడదు. మళ్లీ ఒక నిమిషం విరామం. చివరగా మూడో వక్తలు చెరో నిమిషం, ఈసారి వ్యతిరేకం ముందు. ఇందులో కొత్త పాయింటు తెస్తే లెక్కలోకి రాదు, దానికి జవాబిచ్చే అవకాశం అవతలివాళ్లకు ఉండదు కాబట్టి. అంతా కలిపి పదిహేను నిమిషాలు. ముందు ఆధారాల చీటీలు చదువుకోవడానికి పది నిమిషాలిచ్చినా, తర్వాత మాట్లాడుకోవడానికి పీరియడ్‌లో ఇంకా సమయం మిగులుతుంది.

మిగతా తరగతిని ఖాళీగా కూర్చోబెట్టకండి. తెల్లకాగితాన్ని నిలువుగా మూడు గడులు చేయించండి: మొదటి దాంట్లో వాదం, పక్కన ఖండన, ఆ పక్కన చివరి మాట. ఒక్కో పాయింటు నాలుగైదు మాటల్లో రాసి, దానికొచ్చిన జవాబు వరకు బాణం గీయాలి. రౌండు అయ్యాక బాణం లేని పాయింట్లు కనపడతాయి. ‘దూరం ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు బస్సు తప్పితే ఇంటికి చెప్పడానికి ఫోన్ కావాలి’ అని వ్యతిరేక పక్షం అంటే, అనుకూల పక్షం మార్కుల గొడవలో పడి దాన్ని మరిచిపోవడం మామూలే. ఎవరూ కొట్టని పాయింటు నిలిచినట్టే లెక్క. నిజానికి దానికి జవాబు తేలికే: నిషేధం వాడటం మీద, తేవడం మీద కాదు. ఫోన్ ఆఫీసు గదిలో అప్పగించి సాయంత్రం తీసుకోవచ్చు. అయినా ఆ జవాబు రౌండులో ఎవరూ చెప్పకపోతే న్యాయనిర్ణేత తన జేబులోంచి తీసి ఇవ్వకూడదు.

న్యాయనిర్ణేతలుగా కూర్చునే పెద్దలకు ఒక మనవి. గొంతుకూ హావభావాలకూ మార్కులు వేయడానికి వక్తృత్వ పోటీ ఎలాగూ ఉంది. ఈసారి డిబేట్ మార్కుల పట్టీలో సగం ఖండనకు కేటాయించండి, ఆ సంగతి పోటీకి వారం ముందే పిల్లలకు చెప్పండి.