చైతన్య గారికి నమస్కారం

వ్యాసరచన పోటీకి వచ్చిన ఒక కవరు మీద ‘పి. చైతన్య’ అని మాత్రమే ఉందనుకుందాం. మొదటి బహుమతి ఆ వ్యాసానికే వచ్చింది. ఆ సంగతి తెలుపుతూ ఉత్తరం రాయాలి. కలం పట్టగానే అలవాటుగా వచ్చే మాటలు ‘శ్రీ పి. చైతన్య గారికి, అయ్యా!’ అనే. చైతన్య అమ్మాయి అయితే శుభవార్త మోసుకెళ్లే ఉత్తరం మొదటి పంక్తిలోనే నొప్పిస్తుంది.

పాతకాలం పేర్లతో ఈ చిక్కు తక్కువ. ఎల్లయ్య, ఎల్లమ్మ, నాగయ్య, నాగమ్మ, సోమయ్య, సోమమ్మ. పేరులో మొదటి భాగం ఇద్దరిదీ, ఆడో మగో చెప్పేది చివరి భాగం. రావు, మూర్తి, దేవి, కుమారి చేసేదీ ఆ పనే. పేర్లు పొట్టివవుతున్నకొద్దీ ఆ చివరి భాగం రాలిపోయింది. సత్యనారాయణా సత్యే, సత్యవతీ సత్యే. సాయి, శశి, మణి, తేజస్వి అంతే. ముందుండే ఇంటిపేరు అక్షరం ఈ విషయంలో ఏ సాయమూ చేయదు.

తెలిసిన పేరే కదా అని ఊహిస్తే ప్రాంతం మారగానే బోల్తాపడతాం. మనకు కిరణ్ అంటే అబ్బాయే, కానీ 1972లో ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ. మనకు సుమన్ సినిమా హీరో, హిందీ పాటల్లో సుమన్ కల్యాణ్‌పుర్ గాయని. మనకు జ్యోతి ఆడపిల్ల, బెంగాల్‌ను ఏళ్ల తరబడి ఏలిన ముఖ్యమంత్రి జ్యోతి బసు. కలంపేర్లు మరీ కష్టం. తెనాలిలో హోటల్ పని చేసుకుంటూ కథలూ నవలలూ రాసిన ‘శారద’ అసలు పేరు నటరాజన్. ‘బీనాదేవి’ వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరూ.

ఒకప్పటి మన ఉత్తరాల్లో పేరుకు ముందు బిరుదు లాంటిది ఒకటి తప్పనిసరి. మగవారికి మ.రా.రా.శ్రీ, ఆడపిల్లలకూ ముత్తైదువలకూ చి.ల.సౌ., భర్త పోయినవారికి గం.భా.స. అంటే ఆ స్త్రీ భర్త ఉన్నాడో లేడో కవరు చూసిన పోస్ట్‌మాన్‌కు కూడా తెలిసిపోయేది. అది పోవడం ఎంతో మంచిదైంది. శ్రీమతి, కుమారి అన్న తేడాలో దాని నీడ ఇంకా మిగిలే ఉంది. ఎదుటివారు తమ పేరు ముందు తామే రాసుకుంటే తప్ప వాటి జోలికి పోనక్కర్లేదు.

ఎందుకంటే మనకు ‘గారు’ ఉంది. ఆడ, మగ, పెళ్లి, వయసు ఏదీ అడగకుండా గౌరవం ఇస్తుంది. శ్రీ, శ్రీమతి రెండిట్లోనూ ఇమడని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ సరిపోతుంది. ‘మీరు రాశారు’, ‘మీరు పంపారు’ అన్నప్పుడు క్రియ కూడా ఎవరో చెప్పదు. అయ్యా, ఆర్యా, మహాశయా మాత్రం మగవారిని పిలిచేవే. ‘అయ్యా/అమ్మా’ అని గీత పెట్టి రాస్తే, ఒకటి కొట్టేయడం మరిచిపోయిన దరఖాస్తులా ఉంటుంది. కాబట్టి చైతన్యకు ఇలా రాయవచ్చు:

‘పి. చైతన్య గారికి నమస్కారం. మా పోటీకి మీరు పంపిన వ్యాసానికి మొదటి బహుమతి లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.’

పేరు కూడా తెలియకపోతే హోదాను పిలవాలి. తహసీల్దార్, అధికారి, కార్యదర్శి, సర్పంచ్ అన్నవి ఎవరికైనా చెల్లుతాయి. సంపాదకుడు, అధ్యక్షుడు, ఉపాధ్యాయుడు చెల్లవు. వాటిని బహువచనంలోకి మారిస్తే చాలు, ‘సంపాదకులు గారికి’ అన్నప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నా ఫరవాలేదు.

జారిపోయేది ఎక్కువగా ఉత్తరం మధ్యలో. చైతన్య గురించి మూడో మనిషికి రాసేటప్పుడు ‘ఆయన వ్యాసం’ అనో ‘ఆమె వ్యాసం’ అనో పడిపోతుంది. ‘వారి వ్యాసం’ అనవచ్చు. కానీ పక్కనే న్యాయనిర్ణేతల మాట కూడా ఉంటే ‘వారు’ ఎవరో తికమకగా ఉంటుంది. అక్కడ ‘చైతన్య గారి వ్యాసం’ అని పేరునే మళ్లీ రాయడం మేలు. ప్రశంసాపత్రంలో ‘ఫలానావారి కుమారుడు’ అని ముందే అచ్చువేయకుండా ‘తల్లి/తండ్రి పేరు’ అని ఖాళీ వదిలితే ఏ బాధా లేదు. చివర సంతకం దగ్గర ‘విధేయుడు’, ‘విధేయురాలు’ అన్నవి మాత్రం రాసేవారి ఇష్టం. నిజానికి పేరును బట్టి మీరెవరో తెలియదనుకుంటే అక్కడ తెలియజేయడం అవతలివారికి సాయమే.

ఇంత జాగ్రత్త పడినా ఒక్కచోట ఊహ, మౌనం రెండూ పనికిరావు. బహుమతి సభకు వచ్చేవారికి హాస్టల్లో బస ఏర్పాటు చేయాలంటే తెలిసి తీరాలి. ఆ అవసరం చెప్పి అడగడమే మర్యాద: ‘ఆ రాత్రికి మహిళల హాస్టల్లోనూ పురుషుల హాస్టల్లోనూ గదులున్నాయి. మీకు ఎక్కడ బస కావాలో, లేక విడిగా గది కావాలో తెలియజేయగలరు.’