ఉప్పు పోయే దోవ యాడ?

మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి సుగ్గికి గుంటూరు దిక్కు పోయేటోళ్లు ఇంకొంచెం ముందుకు పోతే కృష్ణా డెల్టా చివరి పొలాలు వస్తాయి. ఎండాకాలం ఆడ గట్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటాది. సముద్రం పక్కన పల్లపు నేల, కింద తక్కువ లోతులోనే ఉప్పునీళ్లు. దీపం వత్తి నూనెను లాగినట్ల, ఆరిన మట్టి ఆ నీళ్లను పైకి లాగుతాది. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగుల్తాది.

దీనికి జిప్సం చల్లితే సరి అనుకుంటారు శానామంది. జిప్సం పీహెచ్ 8.5 దాటిన, సోడియం పట్టిన చౌడుకు మందు. పీహెచ్ అంతకన్నా తక్కువుండి, ముద్ద చేసిన మట్టి నుంచి తీసిన నీళ్ల ఈసీ 4 దాటితే అది ఉప్పునేల. దాన్ని కడగాల్సిందే. కడిగిన నీళ్లు పోయేదానికి దోవ ఉండాల.

ప్రకాశం జిల్లా ఉప్పుగుండూరులో డచ్చి దేశం సహకారంతో బాపట్ల శాస్త్రవేత్తలు 1990ల చివర్లో చేసి చూపించింది ఈ దోవే. ఇట్లాంటి పనిలో సుమారు మీటరు లోతున చిల్లుల ప్లాస్టిక్ పైపులు వరసగా పరుస్తారు. మట్టి పూడకుండా వాటికి వల చుడతారు. ఆ నీళ్లు పెద్ద పైపులో కలిసి మురుగుకాలవకు పోతాయి. కాలవ ఎత్తుగా ఉంటే గుంతలోకి దింపి మోటరుతో తోడాల.

తర్వాత గట్లు గట్టిగా వేసి వాననీళ్లో, కాలవనీళ్లో నిలబెట్టాల. అడుగు మట్టిని కడగాలంటే సుమారు అడుగు నీళ్లు కిందికి దిగాల. అట్ల దిగితే పదింట ఎనిమిది పాళ్ల ఉప్పు పోతాదని లెక్క. ఎకరాకు ఇది సుమారు 12 లక్షల లీటర్లు. ఈసీ 10 ఉన్న మట్టి 2 కాడికి వస్తాది. పైపులోంచి వచ్చే నీళ్ల ఈసీ దిగుతుంటే పని జరుగుతున్నట్టు.

మామూలు వరి ఈసీ 3 దాకా ఓర్చుకుంటాది. ఆపైన ఒక్కో అంకెకు దిగుబడి నూటికి 12 పాళ్లు పడిపోతాది. అంటే 7 కాడికి వచ్చేసరికి దాదాపు సగం పోయినట్టే. అందుకే కడగడం పూర్తయ్యేదాకా మచిలీపట్నం పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎం.సి.ఎం. 100 లాంటి ఓర్పు రకాలు వేస్తారు. లేతనారుకు ఉప్పంటే పడదు. అందుకే మంచినేలలో పోసిన ముదురునారు కుదురుకు రెండు మూడు మొక్కలు ఎక్కువేసి నాటాల. పూత కాడ మడి ఆరనీయగూడదు. ఒకటి గుర్తుపెట్టుకోండి. ఓర్పు రకం ఉప్పును భరిస్తాది గానీ నేలలో నుంచి తీసెయ్యదు.

పని చెడేది ఎక్కువగా చివర్లోనే. మురుగుకాలవ పూడిపోతాది, లేకుంటే పోటు నీళ్లు ఎగదన్నుతాయి. నీళ్లు దిగిపోతున్నాయని ఎవరో ఒకరు పైపు మూతి మూస్తారు. మరుసటేడు మళ్లీ తెల్లమచ్చలు. పైపు ఒకరి పొలంలో మొదలై పదిమంది పొలాలు దాటుతాది, ఒక్కడితో అయ్యే పని కాదు.

మనకాడ సముద్రం లేదు. కానీ తుంగభద్ర దిగువకాలవ ఊటతో పల్లపు నల్లరేగడి ఎక్కడ ఉప్పెక్కినా సూత్రం ఇదే. రేగడిలో నీళ్లు మరీ నిదానంగా దిగుతాయి కాబట్టి మురుగుకాలవ ఇంకా ముఖ్యం. జిప్సం బస్తాల కోసం లైన్లో నిలబడేముందు మట్టి పరీక్ష చేయించండి. మీ పొలం మురుగు ఎవరి చేను మీదుగా యాడికి పోతాదో ఒకసారి నడిచి చూడండి. దోవ లేకుంటే, మొదట అధికారులను అడగాల్సింది ఆ దోవనే.