రెండు సెకన్లలో ఒక పాత్ర

2005లో అమెరికాకు చెందిన మోనోలిత్ సంస్థ 'ఫియర్' అనే షూటింగ్ గేమ్ విడుదల చేసింది. అందులోని శత్రు సైనికులు మహా తెలివైనవాళ్ళని ఆడినవాళ్ళు చెప్పుకున్నారు. కూడబలుక్కుని పక్కనుంచి చుట్టుముడతారు. ఒకడికి తూటా తగిలితే ఇంకొకడు ఎలా ఉన్నావని అరిచి అడుగుతాడు. అందరూ పోయి ఒక్కడే మిగిలితే అదనపు బలగం కావాలని కేక పెడతాడు. కాస్త ముందుకెళ్తే ఆ బలగం ఎదురవుతుంది కూడా.

ఆ సైనికుల బుద్ధిని ప్రోగ్రామ్ చేసిన జెఫ్ ఓర్కిన్ మరుసటి ఏడాది గేమ్ తయారీదారుల సమావేశంలో అసలు గుట్టు విప్పాడు. బలగాన్ని రప్పించే ఏర్పాటు ఆ గేమ్‌లో లేనే లేదు. తర్వాతి గదిలో సైనికులు ఎలాగూ ఉంటారు, కేక విన్న ఆటగాడు వాళ్ళనే పిలుపు అందుకుని వచ్చినవాళ్ళుగా లెక్కేసుకుంటాడు. పక్కనుంచి చుట్టుముట్టడం కూడా ఎవరూ ప్రత్యేకంగా రాసింది కాదు. తనున్న చాటు పనికిరాకుండా పోతే సైనికుడు ఇంకో చాటుకి మారతాడు, ఆ దారి ఒక్కోసారి ఆటగాడి పక్కగా వెళ్తుంది, అంతే. మరీ సరదా అయినది ఇంకొకటుంది. తూటాలు పడుతున్నా చోటు మారకుండా కూర్చున్న సైనికుడు చూసేవాడికి మొద్దులా కనిపిస్తాడు. దానికి ఓర్కిన్ బృందం కొత్త ప్రోగ్రామ్ రాయలేదు. వెళ్ళడానికి చోటే లేదని వాడి చేత అనిపించింది. ఆ ఒక్క మాటతో మొద్దు కాస్తా చిక్కుల్లో పడ్డ మనిషయ్యాడు.

ఇలాంటి అరుపుల్ని గేమ్ రచయితలు బార్క్‌లు అంటారు. ఆట ఆగదు, తెర మీద సంభాషణ పెట్టె తెరుచుకోదు. శత్రువు తన పని చేసుకుంటూ ఓ మాట విసురుతాడు. ఒకటి రెండు సెకన్లు దాటితే ఆ మాటకి విలువ పోతుంది, ఎందుకంటే ఈలోగా అతను చచ్చిపోయి ఉండొచ్చు.

బార్క్‌కి ఉండే మొదటి పని కథ చెప్పడం కాదు, కబురు అందించడం. 1998లో వచ్చిన 'థీఫ్' ఇందుకు మంచి పాఠం. అది చీకట్లో దాక్కుంటూ దొంగతనాలు చేసే ఆట. కావలివాడు నన్ను చూశాడా, ఊరికే అనుమానపడ్డాడా, వెతకడం మానేశాడా అన్నది ఆటగాడికి నిమిషనిమిషం తెలియాలి. తెర మీద ఎర్ర గుర్తు పెట్టడం ఒక దారి. 'థీఫ్' చేసిన వాళ్ళు ఆ కబురులో చాలా భాగాన్ని కావలివాళ్ళ గొణుగుడు మీదే వేశారు. అలికిడి వినగానే ఒక మాట, వెతికేటప్పుడు ఒకటి, ఎలుకో ఏదో అయ్యుంటుందని సర్దుకునేటప్పుడు ఇంకొకటి. స్తంభం చాటున నక్కిన ఆటగాడు ఆ సర్దుబాటు మాట విని ఊపిరి పీల్చుకుంటాడు.

ఇది రాయడం ఎలా ఉంటుందో తెలుగులోనే చూద్దాం. రాత్రి వేళ ఒక కోట, బురుజు మీద ఇద్దరు కావలివాళ్ళు, కింద ఎక్కడో ఆటగాడు అనుకుందాం. కొత్త రచయిత మొదటి ప్రయత్నంలో దాదాపు ఇలా రాస్తాడు: "ఎవరో ఆగంతకుడు కోట లోపలికి ప్రవేశించినట్లున్నాడు, నేను వెళ్ళి చూసి వస్తాను." సమాచారమంతా ఉంది, మనిషి మాత్రం లేడు. పైగా వాక్యం పూర్తయ్యేలోపు ఆగంతకుడు వెనక నుంచి వచ్చేస్తాడు. "ఎవరక్కడ?" అంటే పని అయిపోతుంది. కానీ ఆ మాట ఏ కోటలో ఏ కావలివాడైనా అంటాడు.

ఇప్పుడు ఆ ఇద్దరినీ విడదీయాలి. ఒకడు నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు. అలికిడి వినగానే వాడు "అన్నా... నువ్వేనా?" అంటాడు. రెండోవాడు ఇరవయ్యేళ్ళుగా అదే బురుజు మీద చలికి వణుకుతున్నవాడు. "మళ్ళీ ఎవర్రా, ఈ చలిలో?" అంటాడు. రెండు మాటలూ ఆటగాడికి ఇచ్చే కబురు ఒకటే: అనుమానం వచ్చింది, జాగ్రత్త. అయితే మొదటి దాంట్లో కుర్రాడి భయమూ, పక్కవాడి మీద వాడికున్న ఆధారమూ కూడా వచ్చేశాయి. పెద్దవాణ్ణి ముందుగా పడగొట్టిన ఆటగాడికి ఆ తర్వాత "అన్నా?" అన్న పిలుపు చీకట్లోంచి వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. దానికోసం రచయిత కొత్తగా ఒక్క మాటా రాయనక్కర్లేదు.

చిక్కంతా మళ్ళీ మళ్ళీ వినపడటంలోనే ఉంది. సినిమా డైలాగ్ ఒక్కసారి పేలితే చాలు. బార్క్ అదే ఆటగాడికి పదిసార్లు, కొన్నిసార్లు వందసార్లు వినిపిస్తుంది. 2011లో వచ్చిన 'స్కైరిమ్' గేమ్‌లో కాపలా భటుడు ఒకడు, తానూ ఒకప్పుడు సాహసాలు చేసినవాడినేననీ, మోకాల్లో బాణం దిగాక మానేశాననీ చెప్తాడు. విడిగా చూస్తే అది చక్కటి మాట. ఒక జీవితమంతా అందులో ఉంది. కానీ అదే మాట ఈ ఊరి భటుడూ, ఆ ఊరి భటుడూ, కొండ అవతలి భటుడూ అంటుంటే దేశంలోని భటులందరి మోకాళ్ళకీ బాణాలు తగిలాయా అన్న నవ్వు పుడుతుంది. విడుదలైన కొద్ది వారాల్లోనే అది ఇంటర్నెట్‌లో పెద్ద జోకైపోయింది. తప్పు వాక్యానిది కాదు, దాన్ని పంచిన తీరుది. ఒక మనిషికే చెల్లే గతాన్ని ఒక మనిషి నోట్లోనే పెట్టాలి.

అందుకే అనుభవమున్న రచయిత వాక్యం కన్నా ముందు అది వినపడే సందర్భాన్ని చూస్తాడు. పని జరిగేది ఎక్సెల్ లాంటి పట్టికలో. ఒక గడిలో సందర్భం, పక్కన ఎవరు అంటారు, ఆ పక్కన మాట, చివర్లో డబ్బింగ్ నటుడికి సూచన. అలికిడి వినడం, దెబ్బ తగలడం లాంటివి నిమిషానికోసారి జరుగుతాయి కాబట్టి వాటికి పొట్టివి, సాదావి ఎక్కువ రాసిపెడతాడు. చమత్కారాలు అక్కడ వేస్తే త్వరగా మొహం మొత్తుతాయి. ఆటగాడు కోట కోడిని ఎత్తుకుపోతుండగా చూడటం లాంటి అరుదైన సందర్భానికి మంచి జోకు దాచుకుంటాడు. ఇప్పుడే వినిపించిన మాట వెంటనే మళ్ళీ రాకుండా, రెండు అరుపుల మధ్య కొంత వ్యవధి ఉండేలా ప్రోగ్రామర్‌తో చెప్పి నియమాలు పెట్టిస్తాడు.

ఏ మాట ఎప్పుడు పలకాలో తేల్చడానికి వాల్వ్ సంస్థ తన 'లెఫ్ట్ 4 డెడ్' గేమ్‌ల కోసం వాడిన పద్ధతిని ఆ సంస్థ ప్రోగ్రామర్ ఎలాన్ రస్కిన్ 2012లో వివరించాడు. ప్రతి మాటకీ కొన్ని షరతులుంటాయి. ఆ క్షణంలో సరిపోయిన మాటల్లో ఎక్కువ షరతులున్నదే గెలుస్తుంది. మన కోటలో చెప్పాలంటే, "అలికిడి వినపడింది" అన్న ఒక్క షరతుకి "ఎవరక్కడ?" ఉంది. "అలికిడి, మాట్లాడేది కుర్రాడు, పెద్దవాడు కనిపించి చాలాసేపైంది" అన్న మూడు షరతులకీ "అన్నా, ఎక్కడున్నావ్?" ఉంది. మూడూ కుదిరినప్పుడు రెండోదే పలుకుతుంది, లేకపోతే సాదా మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ పద్ధతిలో రచయిత సాదా మాటలతో మొదలుపెట్టి, సమయం దొరికినకొద్దీ ప్రత్యేకమైనవి చేర్చుకుంటూ పోవచ్చు.

తెలుగులో రాసేవాళ్ళకి అదనంగా ఇంకో తలనొప్పి. ఆటగాడు మగ పాత్రనైనా ఆడ పాత్రనైనా ఎంచుకునే గేమ్‌లో "వాడు పారిపోతున్నాడు" అని రాస్తే ఆడ పాత్రకి మరోసారి రికార్డు చేయాలి. "మెట్ల వైపు! పట్టుకోండి!" అంటే ఆ గొడవ ఉండదు. పైగా ఎటు పరిగెత్తుతున్నదీ కూడా చెప్పినట్టవుతుంది.

అరుపులు చెవికి చెప్పే పనిని, వస్తువుల వర్ణనలు కంటికి చేస్తాయి. సంచీ తెరిచి కత్తినో ఉంగరాన్నో ఎంచుకుంటే కింద రెండు మూడు వాక్యాలు కనిపిస్తాయి. చాలా గేముల్లో అవి సంతలో సరుకు చీటీల్లా ఉంటాయి. వాటితోనే కథ నడపొచ్చని గట్టిగా చూపించింది జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2011లో తెచ్చిన 'డార్క్ సోల్స్'. దాని దర్శకుడు హిడెటాకా మియాజాకి చిన్నప్పుడు తనకి పూర్తిగా అర్థంకాని ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలు చదివేవాడట. అర్థంకాని చోట్లను సొంత ఊహతో నింపుకునేవాడట. ఆయన గేములు ఆడేవాళ్ళ చేత కూడా ఆ పనే చేయిస్తాయి.

అందులో ఒక ఉంగరం ఉంది. పెట్టుకుంటే ప్రాణశక్తి, ఓపిక, మోయగల బరువు మూడూ పెరుగుతాయి. ఇది ఫీనా అనే దేవత అనుగ్రహమనీ, తీసేస్తే విరిగిపోతుందనీ వర్ణన చెప్తుంది. ఈ ఉంగరం లాట్రెక్ అనే యోధుడి దగ్గర దొరుకుతుంది. అతని కవచం మీద రెండు చేతులు ఛాతీని వాటేసుకుని ఉంటాయి, ఆ దేవతకి అతనెంతటి భక్తుడో కవచం వర్ణన చెప్తుంది. అతనే నిప్పుని కాపాడే మూగ స్త్రీని చంపేస్తాడు. ఆ దేవత అసూయపరురాలని ఎక్కడా రాసి లేదు. కానీ ఉంగరాన్ని ఒక్కసారి తీసి విరగ్గొట్టుకున్న ఆటగాడికి ఆ సంగతి చేతికి తెలుస్తుంది. ఆట నియమమూ కథా ఒకే వాక్యంలో కలిసిన చోటు అది.

ఇదే పద్ధతి మన కోటకి వాడితే? ఆటగాడికి ఒక గంట దొరుకుతుంది, మోగిస్తే కావలివాళ్ళు శబ్దం వైపు వస్తారు. మొదటి చిత్తు: "పురాతనమైన ఇత్తడి గంట. శత్రువులను ఆకర్షిస్తుంది." పురాతనం అన్నది ఆటల్లో ప్రతి వస్తువుకీ అంటించే మాట, దాన్ని కొట్టేయొచ్చు. తర్వాతి చిత్తు: "ఎద్దు మెడగంట. మోగిస్తే దగ్గర్లోని కావలివాళ్ళు వస్తారు. నాలుకకి గుడ్డ చుట్టిన గుర్తులున్నాయి." మొదటి వాక్యం వస్తువేమిటో, రెండోది దానితో ఏం చేయొచ్చో చెప్తాయి. మూడోది ఎవరో చప్పుడు కాకుండా ఎద్దును తోలుకుపోయారని చెప్పకుండా చెప్తుంది. దొంగతనం అన్న మాట రాసేస్తే ఆటగాడికి మిగిలేదేమీ ఉండదు. బురుజు మీద పెద్దవాడు ఏ అలికిడీ లేనప్పుడు "మా ఎద్దు పోయి వారమైంది రా" అంటే, ఆ గంట సంచీలో ఉన్న ఆటగాడికి రెండూ కలుస్తాయి. లేనివాడికి అది ఉత్త పిచ్చాపాటీ, నష్టమేమీ లేదు.

అయితే రెండో వాక్యంతో ఆటలాడకూడదు. వస్తువు ఏం చేస్తుందో అందమైన మబ్బు మాటల్లో దాచేస్తే పోరు మధ్యలో ఆటగాడు ఓడి, రచయితని తిట్టుకుంటాడు. ఉన్నది ఉన్నట్టు రాసినా కొందరు నమ్మరన్నది వేరే సంగతి. 'డార్క్ సోల్స్' మొదట్లో ఎంచుకునే కానుకల్లో ఒక లాకెట్ ఉంది, దానికి ఏ ప్రభావమూ లేదని వర్ణనలోనే ఉంది. తానైతే ఆ లాకెట్టునో, లేకపోతే ఏ కానుకా లేకపోవడాన్నో ఎంచుకుంటానని మియాజాకి విడుదలకు ముందు అన్నాడు. ఇక ఆటగాళ్ళు దాని రహస్య ప్రయోజనం కోసం గేమంతా జల్లెడ పట్టారు. మరుసటి ఏడాది ఆయన అది తాను చేసిన ఆకతాయి పనేనని ఒప్పుకున్నాడు.

రాసింది కుదిరిందో లేదో చూసుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బార్క్‌లకైతే ఎవరైనా ఆడుతుంటే రచయిత కళ్ళు మూసుకుని వింటే చాలు. కావలివాడు ఇప్పుడు నిశ్చింతగా ఉన్నాడో వెతుకుతున్నాడో చెవితో పోల్చలేకపోతే ఆ మాటలు మార్చాలి. పట్టికలో పేర్ల గడిని మూసేసి చదివినప్పుడు కుర్రాడి మాటా పెద్దవాడి మాటా తేడా తెలియకపోతే మనుషులింకా విడిపోలేదన్నమాట. వర్ణనలకైతే వాటిని ఆట తెరలోనే చదవాలి. పట్టికలో పొందిగ్గా ఉన్న తెలుగు వాక్యం, ఒత్తులకీ గుణింతాలకీ చోటివ్వని ఇరుకు పెట్టెలో మూడో వరుస దగ్గరే తెగిపోవచ్చు. గంట వర్ణనలో గుడ్డ సంగతి ఆ తెగిన వరుసలోనే ఉంటే, ఎద్దు ఎటు పోయిందో అడిగే ఆటగాడే ఉండడు.