వార్తల్లో పదం: జీఎస్టీ సమన్వయ పట్టిక

ఏటా దాఖలు చేసే జీఎస్టీ రిటర్న్‌లోని టర్నోవర్‌కు, ఆడిట్ అయిన ఖాతా పుస్తకాల్లోని టర్నోవర్‌కు మధ్య తేడా ఎందుకు వచ్చిందో వివరించే పత్రమే జీఎస్టీఆర్-9సీ. వార్షిక టర్నోవర్ 5 కోట్లు దాటినవారు దీన్ని ఇవ్వాలి. 2020-21 నుంచి దీన్ని వ్యాపారి స్వయంగా ధ్రువీకరిస్తే చాలు.

తేడా కనిపించగానే అది పన్ను ఎగవేత అనుకోనక్కర్లేదు. నెల్లూరు తీరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థను ఊహించుకుందాం. పుస్తకాల్లో 12.60 కోట్లు, రిటర్న్‌లో 12 కోట్లు ఉన్నాయి. తేడా 60 లక్షలు. అందులో 25 లక్షలు ఎగుమతిపై వచ్చిన డ్రాబ్యాక్. అది అమ్మకం కాదు. మరో 20 లక్షలు డాలర్ మారకపు తేడా. జీఎస్టీలో కస్టమ్స్ ప్రకటించిన రేటును, పుస్తకాల్లో లావాదేవీ నాటి రేటును వాడటమే దీనికి కారణం. ఈ రెండింటినీ 9సీలోని 5వ పట్టికలో సర్దుతారు. మిగిలిన 15 లక్షలు పాత ఐస్ ప్లాంటు తుక్కు అమ్మకం. దాన్ని రిటర్న్‌లో చూపలేదు. 18 శాతం లెక్కన 2.70 లక్షల పన్నును వడ్డీతో కలిపి డీఆర్‌సీ-03లో కట్టాలి.

ఇలాంటి తేడాపై అధికారి ఏఎస్‌ఎంటీ-10 నోటీసు ఇస్తే, అందులో చెప్పిన గడువులోగా ఏఎస్‌ఎంటీ-11లో జవాబివ్వాలి. తేడాను పద్దుల వారీగా విడదీసి, షిప్పింగ్ బిల్లులు, లెడ్జర్, చలానా జతచేయాలి. వివరణ సరిపోతే ఏఎస్‌ఎంటీ-12తో విషయం ముగుస్తుంది. ఆధారం లేని మొత్తాన్ని ‘ఇతర కారణాలు’ కింద తోసేస్తే మాత్రం అది పన్ను డిమాండ్‌కు దారితీయవచ్చు.