వాచీకి హీలియం వాల్వ్ ఎందుకు?

కరీంనగర్‌లో ఈత నేర్చుకుంటున్న మా మేనల్లుడు "మామయ్యా, హీలియం వాల్వ్ ఉన్న వాచీయే కావాలి" అని పట్టుబట్టాడు. అది ఎవరికోసమో వాడికిలా చెప్పాను.

సముద్రం అడుగున చమురు పైపులు బిగించే డైవర్లు రోజుల తరబడి, ఒత్తిడి నింపిన గదిలోనే తిని పడుకుంటారు. అక్కడ పీల్చే గాలిలో హీలియం ఎక్కువ. దాని అణువులు ఎంత చిన్నవంటే, నీటిని ఆపే రబ్బరు రింగును కూడా దాటి మెల్లగా వాచీలోకి దూరతాయి. పని అయ్యాక గదిలో ఒత్తిడి తగ్గిస్తారు. లోపల చిక్కిన హీలియం అంత త్వరగా బయటికి రాలేక అద్దాన్ని ఊడదన్నవచ్చు. వాల్వ్ దానికి దారి ఇస్తుంది. అంటే దాని అసలు పని నీళ్లలో కాదు, పొడి గదిలో! మన మానేరు నీళ్లకు దానితో పనే లేదు.

చుట్టూ తిరిగే బెజెల్ మాత్రం నాకిష్టం. దిగేటప్పుడు దాని త్రికోణం గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడితే, ఎన్ని నిమిషాలైందో చూడగానే తెలుస్తుంది. అది ఎడమవైపుకే తిరుగుతుంది. దేనికైనా తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపదు. డైవర్ ముందే పైకి వచ్చేస్తాడు.

పూల్‌లో ఈతకు 100 మీటర్ల వాచీ చాలు. 30 అని ఉంటే చేతులు కడుక్కోవడం వరకే. నీళ్లలో దిగేముందు పక్కనున్న కీ పూర్తిగా లోపలికి నొక్కాలి, మరలు ఉంటే బిగించాలి. అద్దం లోపల ఆవిరి పట్టి పోకపోతే రబ్బరు రింగు పాడైనట్టే, వెంటనే మెకానిక్‌కు చూపించాలి.